మాస్టర్స్ తర్వాత ఏంటి అని అడిగితే ఏం చెప్పాలి?

"మాస్టర్స్ అడ్మిషన్ ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ ఫ్యూచర్ ప్లాన్స్ అడుగుతారట, జాబా పీహెచ్‌డీనా నేనింకా తేల్చుకోలేదు, పీహెచ్‌డీ అనేస్తే సేఫా?"

అలా అనేయకండి. నేనూ అలాగే పీహెచ్‌డీ అనేశా, వెంటనే ఏ ప్రాబ్లం మీద, ఎందుకు అని అడిగారు, నోట మాట రాలేదు. తేల్చుకోకపోవడం తప్పు కాదండీ, కానీ "ఇంకా తెలీదు సార్" అని ఆపేస్తే అసలు ఆలోచించలేదేమో అనుకుంటారు, అందుకే ఏం చూసి తేల్చుకుంటారో, ఎప్పటికి తేల్చుకుంటారో కూడా చెప్పాలి. ఉదాహరణకి ఇలా:

"రెండూ ఆలోచిస్తున్నానండీ. ప్రాజెక్టులో మోడల్ ఎందుకు ఫెయిలైందో వెతకడం నచ్చింది, దాన్ని జనం వాడేలా చేయడమూ నచ్చింది. మొదటేడాది రీసెర్చ్ ప్రాజెక్ట్, సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేసి, రెండో ఏడాది మొదట్లో నిర్ణయించుకుంటా."

ఆ టైమే ఎందుకంటే చాలాచోట్ల పీహెచ్‌డీ అప్లికేషన్లు కోర్సు అయ్యేలోపే, నెలల ముందే క్లోజ్ అయిపోతాయి, థీసిస్ అయ్యాక చూద్దాంలే అంటే ఏడాది పోతుంది. జవాబులో మీరు నిజంగా చేసిన పనే పెట్టండి, దాని మీదే తర్వాతి ప్రశ్న వస్తుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త, ఫండింగ్ పీహెచ్‌డీకి కంటిన్యూ అయ్యేవాళ్లకే అని రూల్ ఉంటే ఈ జవాబు వల్ల సీటు పోవచ్చు, అది ముందే మెయిల్ చేసి కనుక్కోండి.