పెదవి పొక్కులు, నోటి మూలల పగుళ్లు, పెదవి వాపు ఫోటోల్లో ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది ఏమిటో, ఎందుకు వస్తుందో ఎలా తెలుసుకోవాలి?

ఎరుపు మూడింటిలోనూ ఉంటుంది కనుక, అది పెదవిపై ఎక్కడ ఉందో ముందు చూడండి. మా నాన్నగారి నోటి మూలలు రెండూ చీలి, తడితో తెల్లబడినప్పుడు మా తమ్ముడు ఆ ఫోటోను కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూతి పేలిందని పిన్ని, వేడి చేసిందని మేనత్త, బి-కాంప్లెక్స్ లోపమని మందుల దుకాణంవారు తేల్చేశారు. నోటికి ఏ బాధ వచ్చినా ఆ మాత్రలను ప్రసాదంలా పంచిపెట్టడం మనకు అలవాటైపోయింది. బి-కాంప్లెక్స్‌లో ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిన్ గానీ ఇనుము గానీ లోపిస్తే మూలలు పగులుతాయన్నది నిజమే, కానీ కట్టుడు పళ్లు పెట్టుకునే వృద్ధుల విషయంలో నేనైతే మొదట ఆ సెట్టునే అనుమానిస్తాను.

దంతవైద్యురాలు కూడా దానినే చూశారు. సెట్టు పళ్లు అరిగి, దవడ ఎముక కుంచించుకుపోవడంతో నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకు దగ్గరవుతోందనీ, మూలల్లో పడిన మడతలలో లాలాజలం నిలిచి చర్మం నానుతోందనీ, అక్కడ క్యాండిడా అనే ఫంగస్ చేరిందనీ వివరించారు. సెట్టు తీయించగా, అది ఆనుకునే అంగిలి భాగం కూడా ఎర్రగా కనిపించింది. మధుమేహం ఉన్నా ఈ ఫంగస్ సులభంగా పెరుగుతుందని రక్తంలో చక్కెర పరీక్ష చేయించారు. అది మామూలుగానే ఉంది. మూలలకు క్లోట్రిమజోల్ క్రీము రాసి, రాత్రిపూట సెట్టు తీసి శుభ్రం చేస్తుంటే పగుళ్లు మానాయి గానీ, ఎత్తు సరిచేసిన కొత్త సెట్టు కట్టించేదాకా మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి.

పిన్ని చెప్పిన మూతి పేలడం హెర్పెస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వస్తుంది. అది సాధారణంగా పెదవి అంచున ఒక పక్కన, చిన్న నీటిపొక్కుల గుంపుగా లేచి, పగిలి, పక్కు కడుతుంది. పొక్కులకు ముందు అక్కడ చురుకుచురుకుమంటుంది, ఎసైక్లోవిర్ వంటి మందు బాగా పనిచేసేది ఆ దశలోనే; అయితే ఆ దశలో ఎవరూ ఫోటో తీయరు. ముఖానికి వెళ్లే నరాల ముడిలో ఆ వైరస్ జీవితాంతం దాగి ఉంటుంది కనుక, జ్వరం వచ్చినప్పుడో ఎండ బాగా తగిలినప్పుడో తరచుగా పాతచోటే తిరిగి లేస్తుంది.

పొక్కు, పగులు, పక్కు ఏవీ లేకుండా, పైచర్మం నునుపుగా ఉండి పెదవి మాత్రం నిమిషాల్లోనో గంటల్లోనో ఉబ్బితే అది వేరే సంగతి. తిన్న పదార్థమో మందో పడకపోవడం ఒక కారణమైతే, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు మరొక కారణం. ఈ మాత్రల వల్ల వచ్చే వాపుకు దురద ఉండదు, అలర్జీ మాత్రకు అది సాధారణంగా లొంగదు. ఏళ్లుగా వాడుతున్నవారికి కూడా ఉన్నట్టుండి రావచ్చు కనుక "పాత మాత్రే కదా" అని దానిని లెక్కలోంచి తీసేయకూడదు. నాలుక ఉబ్బినా, గొంతు మారినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా ఫోటో ఎవరికీ పంపుతూ కూర్చోకుండా, వాడుతున్న మందులన్నీ వెంట పెట్టుకొని వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.