VGA, VOBZ: రెండూ గన్నవరమే

ప్రశ్న: సార్, మాది గుంటూరు. బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్) అయ్యాక విజయవాడలో ఏవియేషన్ కోర్సులో చేరాను. గన్నవరం ఎయిర్‌పోర్ట్‌కి VGA అని క్లాసులో చెప్పారు. ఇంటర్వ్యూకి వెళ్తే ‘VOBZ ఎక్కడుంది?’ అని అడిగారు. నోట మాట రాలేదు. ఇప్పుడు రెండు రకాల కోడ్‌లూ బట్టీ పట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ బట్టీ పట్టక్కర్లేదమ్మా. మూడక్షరాలవి కొంతవరకు గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు. నాలుగక్షరాల కోడ్‌ని మాత్రం పిన్‌కోడ్‌లా చదవడం నేర్చుకో. కవరు మీద 5 చూడగానే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు అని తెలుస్తుంది. 520 అంటే విజయవాడ, 522 అంటే మీ గుంటూరు. VOBZ కూడా అలాగే ఎడమ నుంచి కుడికి, పెద్ద ప్రాంతం నుంచి చిన్న చోటుకి వస్తుంది.

మొదటి అక్షరం V అంటే దక్షిణాసియా నుంచి వియత్నాం దాకా ఉన్న ప్రాంతం. రెండో అక్షరం సాధారణంగా దేశాన్ని చెబుతుంది. VC శ్రీలంక, VN నేపాల్, VG బంగ్లాదేశ్, VT థాయ్‌లాండ్, VV వియత్నాం. మన దేశం పెద్దది కాబట్టి మనకు నాలుగు అక్షరాలున్నాయి. ముంబై వైపు A, కోల్‌కతా వైపు E, ఢిల్లీ వైపు I, చెన్నై వైపు O. ఆకాశాన్ని ఆ నాలుగు కేంద్రాల కింద పంచిన పద్ధతిని బట్టి వచ్చిన అక్షరాలివి. అందుకే ముంబై VABB, కోల్‌కతా VECC, ఢిల్లీ VIDP, చెన్నై VOMM. ఇక చివర మిగిలిన BZ చూడు, అందులో మన బెజవాడ వినిపిస్తోంది కదా? విజయవాడ స్టేషన్‌కి రైల్వే కోడ్ కూడా BZA. రోజూ రైలు టికెట్ మీద చూసే అక్షరాలే ఇవి.

ఈ నాలుగక్షరాల కోడ్‌లు ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవి. విమానాన్ని నడిపించే పని అంతా వీటితోనే జరుగుతుంది. ఫ్లైట్ ప్లాన్, వాతావరణ రిపోర్టు, రన్‌వే మూసేశారని పంపే నోటమ్, అన్నిట్లో ఇవే కనిపిస్తాయి. మూడక్షరాలవి అయాటా అనే విమాన సంస్థల సంఘానివి. టికెట్, బోర్డింగ్ పాస్, సూట్‌కేసు పిడికి చుట్టే బ్యాగ్ ట్యాగ్, కార్గో బిల్లు, ఇవి వాటి చోటు. వాటిలో ప్రాంతం కోసం వెతకకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే. VGA కూడా V తోనే మొదలవుతుంది కాబట్టి అది ఇండియా V అనుకుంటారు. కాదు, అది కేవలం విజయవాడ పేరులోని V. ఆ లెక్కన VG అంటే బంగ్లాదేశ్ అవ్వాలి. రాజమండ్రి RJA సంగతి ఇంకా చిత్రం. ఐకావో పద్ధతిలో RJ అంటే జపాన్, RJAA అంటే టోక్యో దగ్గరి నరిటా ఎయిర్‌పోర్ట్. మన రాజమండ్రి ఐకావో కోడ్ VORY.

ఇంకో పొరపాటు అమెరికా నుంచి వస్తుంది. అక్కడ JFK ముందు K పెడితే KJFK, LAX ముందు పెడితే KLAX. ఇది చూసి అన్ని దేశాల్లోనూ ఇంతే అనుకుని VGA ముందు V పెడితే VVGA అవుతుంది. అప్పుడు మొదటి రెండు అక్షరాలు వియత్నాం వైపు చూపిస్తాయి. ఆ K సూత్రం అమెరికా ప్రధాన భూభాగానికే. హవాయిలోని హోనొలులు HNL అయినా దాని ఐకావో కోడ్ PHNL.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంటర్వ్యూలో నిన్ను రెండోసారి అడిగేది ఇదే కావచ్చు. HYD కి ఐకావో కోడ్ ఏమిటి? ఎక్కువమంది VOHY అనేస్తారు. చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ VOHY అంటే బేగంపేట. షంషాబాద్ కోడ్ VOHS. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి షంషాబాద్‌కి మారినప్పుడు HYD కూడా వాటితోపాటు షంషాబాద్‌కి వెళ్లింది. టికెట్ కొనేవాడికి కావాల్సింది హైదరాబాద్ నగరం కాబట్టి మూడక్షరాలు నగరంతో నడిచాయి, బేగంపేటకి BPM వచ్చింది. నాలుగక్షరాలు మాత్రం నేలను పట్టుకుని ఉండిపోయాయి. అదే ఏడాది బెంగళూరులోనూ ఇంతే జరిగింది. BLR కొత్త ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లింది, దాని ఐకావో కోడ్ VOBL. పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్ VOBG గానే ఉంది.

గన్నవరం నుంచి మధ్యాహ్నం 12 గంటలకు హైదరాబాద్ బయల్దేరే విమానం అనుకుందాం. ఫ్లైట్ ప్లాన్‌లో మనకు కావాల్సిన రెండు లైన్లు ఇలా ఉంటాయి. మధ్యలో వచ్చే వేగం, ఎత్తు, రూట్ వదిలేశాను.

```
-VOBZ0630
-VOHS0050 VOMM
```

మొదటి లైన్ బయల్దేరే చోటు, సమయం. 0630 అంటే మన ఉదయం ఆరున్నర కాదు, ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే యూటీసీ సమయం. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు 12 అవుతుంది. రెండో లైన్‌లో VOHS గమ్యం, 0050 అంటే ప్రయాణం 50 నిమిషాలు, VOMM అంటే అక్కడ దిగడం కుదరకపోతే వెళ్లే ప్రత్యామ్నాయం, చెన్నై.

ఇక్కడ VOHS బదులు VOHY కొట్టావనుకో. అదీ నిజమైన కోడే కాబట్టి అక్షరాల వరకే సరిచూసే కంప్యూటర్ దాన్ని తప్పనదు. ఆ కోడ్‌తో తీసిన వాతావరణం, నోటమ్‌లు అన్నీ బేగంపేటవే వస్తాయి. పట్టుకునేది ఎలా? రన్‌వే నంబర్ చూడు. బేగంపేటలో ఒకటే రన్‌వే, 09/27. షంషాబాద్‌లో పక్కపక్కన రెండు ఉంటాయి కాబట్టి 09L, 09R అని అక్షరం తోడుంటుంది. కాగితం మీద వట్టి 09 కనిపించిందంటే ఆగి, పైన కోడ్ మళ్లీ చదువు.

ఇక నీ సంగతి. చెక్-ఇన్, టికెటింగ్, కార్గో ఉద్యోగాలకు వెళ్తే మూడక్షరాలే రోజంతా చేతిలో ఉంటాయి. విమాన సంస్థ ఎగిరే దేశవిదేశాల కోడ్‌లన్నీ నోటికి రావాలి. కానీ నిన్ను VOBZ అడిగారంటే వాళ్లు ఆపరేషన్స్ వైపు మనిషి కోసం చూస్తున్నారనిపిస్తోంది. నీకు డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉన్నాయి. విమానాల రాకపోకల్ని నియంత్రించే ఏటీసీ ఉద్యోగానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే జూనియర్ ఎగ్జిక్యూటివ్ నోటిఫికేషన్‌లో అడిగే సబ్జెక్టులు అవే. మార్కులు, వయసు షరతులు నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకో. కోర్సు మానేయమని అనను. కానీ నీ డిగ్రీకి కౌంటర్ ఉద్యోగం ఒక్కటే దారి అనుకోకు. విమానం బయల్దేరే ముందు ఫ్లైట్ ప్లాన్ సిద్ధం చేసే ఫ్లైట్ డిస్పాచ్ కూడా ఆ నాలుగక్షరాల వైపు పనే.

ఈ వారం దక్షిణాదిలోని పది ఎయిర్‌పోర్ట్‌లు తీసుకుని, ఎడమవైపు ఐకావో కోడ్, కుడివైపు అయాటా కోడ్ రాసుకో. తిరుపతి VOTP పక్కన TIR, కడప VOCP పక్కన CDP, కొచ్చి VOCI పక్కన COK. తర్వాత కుడివైపు మూసేసి ఎడమది మాత్రమే చూస్తూ ఊరు పేరు చెప్పు. అది వచ్చాక OMDB, WSSS, EGLL తీసుకో. దుబాయ్, సింగపూర్, లండన్ హీత్రో. వీటిలో ఊరు కంటే ముందు OM, WS, EG ఏ దేశాలో చెప్పడం అలవాటు చేసుకో.