అబద్ధం వల్ల పొరబడ్డాడా, తనంతట తానే పొరబడ్డాడా?

ప్రశ్న: లా రెండో సంవత్సరం చదువుతున్నాను. కోర్టు ప్రాక్టీసులోకి వెళ్లాలని ఉంది. కాంట్రాక్ట్స్ పేపర్‌లో ప్రాబ్లమ్ క్వశ్చన్ చదువుతుంటే కాసేపు మిస్‌రిప్రజెంటేషన్ అనిపిస్తుంది, కాసేపటికి మిస్టేక్ అనిపిస్తుంది. భయంకొద్దీ రెండూ రాసేస్తే మార్కులు పోతున్నాయి. ఏది రాయాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీకు రెండూ కనిపించడంలో తప్పేం లేదు. అబద్ధం నమ్మి సంతకం చేసిన ప్రతివాడూ పొరబడినవాడే కదా. అందుకే "ఇతను పొరబడ్డాడా?" అని అడిగితే ఏమీ తేలదు. ఆ తప్పుడు నమ్మకం అతని బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. అవతలి పక్షం చెప్పిన మాట వల్లో, చేసిన పని వల్లో వస్తే మిస్‌రిప్రజెంటేషన్‌తో మొదలుపెట్టాలి. ఎవరూ ఏమీ చెప్పకుండా తనకు తానే అనుకుంటే మిగిలేది మిస్టేకే, అది గెలవడం కష్టం. 1871 నాటి స్మిత్ వర్సెస్ హ్యూజ్ కేసులో కొనుగోలుదారు పాత ఓట్స్ అనుకుని కొత్తవి కొన్నాడు. సరుకు నాణ్యత గురించి అతను సొంతంగా పొరబడితే, అమ్మినవాడు ఊరుకున్నంత మాత్రాన ఒప్పందం పోదన్నారు. మన కాంట్రాక్ట్ చట్టం 22వ సెక్షన్ కూడా ఒక్క పక్షమే పొరబడితే అంతమాత్రాన రద్దు కుదరదంటుంది. ఒప్పందం వాయిడ్ కావాలంటే, అంటే అసలు చెల్లకుండా పోవాలంటే, 20వ సెక్షన్ కింద ముఖ్యమైన విషయంలో ఇద్దరూ పొరబడి ఉండాలి.

మరి అబద్ధం స్పష్టంగా ఉన్నా లాయర్లు మిస్టేక్ వాదన ఎందుకు తెస్తారు? విద్యార్థులు తడబడేది ఇక్కడే. లూయిస్ వర్సెస్ అవెరే కేసు చూడండి. లూయిస్ అనే విద్యార్థి 450 పౌండ్లకు కారు అమ్మకానికి పెట్టాడు. వచ్చినవాడు తాను సినీ నటుడు రిచర్డ్ గ్రీన్‌ని అన్నాడు. చెక్కు మారేదాకా కారు ఇవ్వడానికి లూయిస్ వెనకాడితే, ఫొటో ఉన్న స్టూడియో పాస్ చూపించాడు. లూయిస్ నమ్మి కారు ఇచ్చేశాడు. చెక్కు చెల్లలేదు. ఈలోగా ఆ మోసగాడు కారును ఏమీ తెలియని అవెరేకి 200 పౌండ్లకు అమ్మేసి మాయమయ్యాడు.

మోసగాడు దొరికి ఉంటే లూయిస్‌కి మిస్‌రిప్రజెంటేషనే చాలు. కానీ కారు అవెరే దగ్గరుంది. మిస్‌రిప్రజెంటేషన్ వల్ల ఒప్పందం వాయిడబుల్ మాత్రమే, అంటే మోసపోయినవాడు రద్దు చేసేదాకా బతికే ఉంటుంది. ఆ లోపు మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్నవాడికి హక్కు వచ్చేస్తుంది. మన సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 29వ సెక్షన్ చెప్పేదీ ఇదే. అదే మిస్టేక్ వల్ల ఒప్పందం వాయిడ్ అయితే, అది మొదటి నుంచీ లేనట్టే. మోసగాడికే హక్కు లేనప్పుడు అవెరేకి ఎక్కడి నుంచి వస్తుంది? లూయిస్ మిస్టేక్ వాదన పట్టుకున్నది అందుకే.

అయినా 1971లో ఓడిపోయాడు. ఎదురెదురుగా నిలబడి బేరం చేసినప్పుడు, కళ్ల ముందున్న మనిషికే అమ్మదలచాడని కోర్టు అనుకుంటుంది. దానికి భిన్నంగా 1878 నాటి కండీ వర్సెస్ లిండ్సే చూడండి. బ్లెన్‌కార్న్ అనే మోసగాడు అదే వీధిలోని పేరున్న బ్లెన్‌కైరాన్ కంపెనీ సంతకంలా కనిపించేట్టు సంతకం చేసి, రుమాళ్లు పంపమని ఉత్తరాలు రాశాడు. రుమాళ్లు పంపినవాళ్ల మనసులో ఉన్నది ఆ కంపెనీయే, వీడు కాదు. కాబట్టి ఒప్పందమే లేదన్నారు. పాపం, వాడి దగ్గర కొన్నవాళ్లకే నష్టం. మోసం రెండింటిలోనూ ఒకలాంటిదే, ఫలితాలే తలకిందులు.

కాబట్టి ప్రశ్నపత్రంలో మూడో మనిషి కనిపించాడా లేదా ముందు చూడండి. లేకపోతే మిస్‌రిప్రజెంటేషన్ మీదే సమయం పెట్టండి. చెప్పింది వాస్తవమా, వట్టి అభిప్రాయమా, దాన్ని నమ్మే ఒప్పుకున్నాడా, తెలిసే అబద్ధం చెప్పారా అన్నవి తేల్చండి. తెలిసే చెబితే అది 18వ సెక్షన్ కాదు, 17వ సెక్షన్ కింద ఫ్రాడ్. మూడో మనిషి ఉంటే మిస్‌రిప్రజెంటేషన్ ఎందుకు సరిపోదో ఒక్క వాక్యంలో చెప్పి, ఆ తర్వాతే గుర్తింపు విషయంలో మిస్టేక్‌కి వెళ్లండి. మీకు మార్కులు పోతున్నది బహుశా ఆ వాక్యం లేకే. రెండు సిద్ధాంతాలూ పక్కపక్కన రాస్తే, రెండోది ఎందుకొచ్చిందో దిద్దేవారికి తెలియదు.

ఇంకొక్కటి, తేదీల కింద గీత గీయండి. ఇంగ్లండ్‌లో కాల్డ్‌వెల్ అనే వ్యక్తి కారు అమ్మిన మర్నాడే చెక్కు చెల్లదని తెలిసి పోలీసులకు చెప్పాడు. మోసగాడి ఆచూకీ లేకపోయినా అదే రద్దు కిందికి వస్తుందని కోర్టు ఒప్పుకుంది. ఆ తర్వాత జరిగిన అమ్మకంతో కొన్నవాళ్లకు హక్కు రాలేదు. అంటే మీ ప్రశ్నలో ఫిర్యాదు సోమవారం, తిరిగి అమ్మకం బుధవారం అని ఉంటే, మిస్టేక్ జోలికి వెళ్లకుండానే మీ క్లయింట్ గెలవొచ్చు.