పాత ఏరియర్స్ ఒకేసారి పడితే ట్యాక్స్ తగ్గుతుందా?

రాయగడలో టీచర్‌ని. 2021-22 ఏరియర్స్ లక్ష రూపాయలు 2024-25లో ఇచ్చారు. ట్యాక్స్ అంతా ఇప్పుడే కట్టాలా?

పన్ను డబ్బు అందిన 2024-25లోనే పడుతుంది, కానీ ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 89 కింద కొంత తగ్గుతుంది. మీరు రెండేళ్లూ పాత పన్ను విధానంలోనే ఉన్నారనుకుందాం. ఏరియర్స్ కలపకముందు 2024-25లో పన్ను పడే ఆదాయం 10 లక్షలుంటే, ఈ లక్షపై సెస్‌తో 31,200 పడుతుంది. 2021-22లో 7 లక్షలుంటే, అదే లక్షపై అప్పట్లో 20,800 పడేది. తేడా 10,400 మీకు రిలీఫ్. అప్పుడూ 30 శాతం స్లాబులోనే ఉండి ఉంటే ఏమీ రాదు, శ్రమ దండగ.

పాత రిటర్న్ జోలికి వెళ్లక్కర్లేదు. మీ జీతం బిల్లు పెట్టే డీడీఓ దగ్గర ఏ ఏడాదికి ఎంతో విడదీసిన ఏరియర్ స్టేట్‌మెంట్ తీసుకుని, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఈ రిలీఫ్ కోసం Form 10E నింపండి. అసెస్‌మెంట్ ఇయర్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు: డబ్బు అందిన ఏడాదిది, అంటే 2025-26 ఎంచుకోవాలి, 2021-22 లోపల టేబుల్‌లో వస్తుంది. రిటర్న్ కంటే ముందే ఇది సబ్మిట్ చేయాలి. లేకపోతే రిటర్న్ చూశాక ట్యాక్స్ శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌లో రిలీఫ్ కొట్టేసి, ఆ 10,400 వడ్డీతో అడుగుతారు.