జీతం వాయిదా కాగితం మీద సంతకం పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. మీ కంపెనీ ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. వచ్చే నెల నుంచి ఆరు నెలల పాటు అందరి జీతాల్లో 30 శాతం ఆపి ఉంచుతామనీ, ఆ మొత్తాన్ని ‘పరిస్థితులు మెరుగుపడిన తరువాత’ చెల్లిస్తామనీ, శుక్రవారంలోగా సంతకం చేసి పంపమనీ అందులో రాశారు. చదువు పూర్తవగానే పిలిచి ఉద్యోగమిచ్చిన సంస్థ కష్టాల్లో ఉంటే కాదనడానికి నోరు రావడం లేదనీ, అలాగని ఒప్పుకుంటే ఇల్లు ఎలా గడుస్తుందో తెలియడం లేదనీ నువ్వు రాసిన మాట నాకు బాగా అర్థమైంది. జీతాల లెక్కల విభాగంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కాబట్టి ఇలాంటి కాగితాల వెనుక ఏముంటుందో తెలుసు; ఆ తెలిసినంత మేరకు చెబుతాను.

మొదట నువ్వు గ్రహించవలసింది జీతం కోతకూ, జీతం వాయిదాకూ ఉన్న తేడా. కోత అయితే పోయేదెంతో ఈ రోజే తెలుస్తుంది, బాధపడి సర్దుకుంటావు. వాయిదా అలా కాదు. పని నువ్వు చేసేశావు, ఆ డబ్బు నీది, కానీ అది కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. అంటే నువ్వు కంపెనీకి అప్పు ఇస్తున్నావు. వడ్డీ లేదు, తాకట్టు లేదు, తీర్చే తేదీ కూడా లేదు. ఇలాంటి షరతులతో ఏ బ్యాంకూ మీ కంపెనీకి అప్పు ఇవ్వదు. వినడానికి కోత కంటే వాయిదా మెత్తగా ఉంటుంది కనుక చాలామంది తేలిగ్గా ఒప్పుకుంటారు. తేదీ లేని వాయిదా కంటే తేదీ ఉన్న చిన్న కోతే మేలని నా నమ్మకం.

లెక్క వేసి చూద్దాం. నీ నెల జీతాన్ని 100 భాగాలనుకో. ఆరు నెలలకు ఆగిపోయేది 180 భాగాలు, అంటే దాదాపు రెండు నెలల జీతం. నీ ఇంటి ఖర్చు 75 భాగాలని రాశావు. చేతికి 70 వస్తే నెలకు 5 లోటు, ఆరు నెలలకు 30. దాచుకున్నది 300 ఉంది కాబట్టి చివరికి 270 మిగులుతుంది, మూడున్నర నెలల ఖర్చుకు సరిపోతుంది. ఇది భరించగలిగినదే. అదే వాయిదాను 50 శాతానికి పెంచితే నెలకు లోటు 25 అవుతుంది, ఆరు నెలల్లో నువ్వు దాచుకున్నది సగానికి పడిపోయి రెండు నెలల ఖర్చే మిగులుతుంది. కంపెనీ మూతపడిందంటే ఉద్యోగమూ, రావలసిన బకాయీ ఒకే రోజున పోతాయి, చేతిలో ఆధారం అతి తక్కువగా ఉన్నదీ అప్పుడే. అందుకే ఎంత వాయిదాకు ఒప్పుకోవచ్చో తేల్చేది నీ అభిమానం కాదు, ఆ బకాయి పూర్తిగా మునిగిపోయినా నీ చేతిలో కనీసం మూడు నెలల ఖర్చు మిగలాలన్న హద్దు.

కార్మికుల జీతాలకు చట్టంలో ముందు స్థానం ఉంటుంది కదా అని నీకు ఎవరో ధైర్యం చెప్పారట. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి వేతన రక్షణ ఒప్పందంలో దివాలా సమయంలో కార్మికులను ప్రత్యేక హక్కు గల రుణదాతలుగా చూడాలని చెప్పింది, అయితే ఆ హక్కు ఎంత మేరకు ఉండాలో ఆయా దేశాల చట్టాలకే వదిలింది. 1992 నాటి మరో ఒప్పందం దివాలాకు ముందున్న కొంత కాలపు జీతానికే ఈ రక్షణను ముడిపెట్టి, ఆ కాలం మూడు నెలలకు తక్కువ కాకూడదని చెప్పింది. కాబట్టి నీ బకాయి పాతబడేకొద్దీ ఆ రక్షణ నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. పైగా హక్కు ఉన్నా, పంచడానికి డబ్బు మిగిలితేనే కదా చేతికి వచ్చేది. మీ చోట గడువు ఎంతో కార్మిక చట్టం తెలిసిన వకీలును ఒక్కసారి అడిగి తెలుసుకో.

ఇక ఆ కాగితంలో మార్చమని అడగవలసినవి. ‘పరిస్థితులు మెరుగుపడిన తరువాత’ అన్న మాట తీసేసి చెల్లింపు తేదీలు రాయమను; ఏడో నెల నుంచి వాయిదాల్లో ఇస్తామన్నా ఒప్పుకోవచ్చు. నువ్వు రాజీనామా చేసినా, నిన్ను తీసేసినా, కంపెనీని ఎవరికైనా అమ్మినా బకాయి మొత్తం వెంటనే చెల్లించాలని ఒక వాక్యం ఉండాలి. ఈ వాక్యం లేకనే వేరే ఉద్యోగం దొరికినా బకాయి పోతుందేమోనన్న భయంతో కదలలేక ఉండిపోయినవారిని చూశాను. ఉద్యోగ విరమణ ప్రయోజనాలనూ, తొలగిస్తే ఇచ్చే పరిహారాన్నీ పాత పూర్తి జీతం మీదే లెక్కించాలని రాయించు; ఆఖరి జీతాన్ని బట్టి ఇవి లెక్కపెట్టే చోట ఈ ఒక్క మాట చాలా డబ్బు కాపాడుతుంది. ప్రతి నెలా పే స్లిప్పులో పూర్తి జీతం, ఆపిన మొత్తం, అప్పటివరకు పేరుకున్న బకాయి విడివిడిగా కనిపించాలి.

వాయిదా కాదు, కోతే అని మాట మారిస్తే ఇంకో లెక్క గుర్తుంచుకో. 20 శాతం తగ్గించిన జీతం మళ్లీ పాత స్థాయికి రావాలంటే 25 శాతం పెరగాలి. అందుచేత ఫలానా తేదీన పాత జీతం దానంతట అదే పునరుద్ధరించబడుతుందని రాసి ఉండాలి, లేకపోతే ప్రతి ఏటా కొద్దికొద్దిగా పెంచి దాన్నే మేలుగా చూపిస్తారు. జీతంతో పాటు పని గంటలూ తగ్గిస్తారా అని కూడా అడుగు.

కంపెనీ మాట ఎంత నమ్మదగినదో తెలుసుకోవడానికి నేను రెండే చూస్తాను. ఒకటి, జీతంలో మినహాయించిన పన్నూ, భవిష్య నిధి సొమ్మూ సకాలంలో జమ అవుతున్నాయా అన్నది. నీ ఖాతాలో నువ్వే చూసుకోవచ్చు. అవి కూడా ఆగాయంటే కంపెనీ ఇతరుల సొమ్ము వాడుకునే దశకు వచ్చిందన్నమాట, అప్పుడు ఒక్క నెల జీతం కూడా వాయిదాకు వదలకు. రెండోది, పైవాళ్లు ఎంత వదులుకుంటున్నారన్నది. 2003లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగ సంఘాలు కంపెనీని నిలబెట్టడానికి భారీ జీతాల కోతకు ఒప్పుకున్నాక, పై అధికారులకు ప్రత్యేక బోనస్‌లూ, వారి పెన్షన్లకు వేరే రక్షణా ఏర్పాటు చేశారని బయటపడింది. ఉద్యోగుల ఆగ్రహానికి ఆ సంస్థ అధిపతి రాజీనామా చేయవలసి వచ్చింది. కనుక అడగడానికి మొహమాటపడకు. నిజంగా పంచుకుంటున్న యజమాని ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

విశ్వాసం సంగతి కూడా చెప్పాలి. నీ పనితనం, సమయం, ఓర్పు మీ కంపెనీకి ఇవ్వు, ఆ విషయంలో లెక్కలు చూడకు. పిల్లల ఫీజు కట్టవలసిన డబ్బును పూచీ లేని అప్పుగా ఇవ్వడం మాత్రం విశ్వాసం కిందికి రాదు. షరతులు అడిగితే తొలగించేవారి జాబితాలో నీ పేరు ముందుకు వస్తుందేమోనన్న నీ భయం వట్టిది కాదు. అందుకే ఒంటరిగా కాక నీ విభాగంలోని నలుగురైదుగురు కలిసి ఒకే లేఖ ఇవ్వండి. అభ్యంతరం ఉంటే మౌనంగా ఉండకూడదు. తగ్గిన జీతం ఏమీ అనకుండా తీసుకుంటూ పోతే దాన్నే అంగీకారంగా చూపించే వీలుంది.

లేఖ ఇలా మొదలుపెట్టవచ్చు: ‘సంస్థ ఇబ్బందిని అర్థం చేసుకున్నాము. ఆరు నెలల పాటు 30 శాతం వాయిదాకు ఈ కింది షరతులు రాతపూర్వకంగా చేర్చిన పక్షంలో మా అంగీకారం తెలుపుతున్నాము.’ కింద చెల్లింపు తేదీలూ, పైన చెప్పిన వాక్యాలూ రాయండి. ఈమెయిల్‌లోనే పంపి, ఒక ప్రతి కంపెనీ ఖాతాలో కాక నీ సొంత ఖాతాలో దాచుకో. చిత్తుప్రతి గురువారం ఉదయానికల్లా నాకు పంపితే సాయంత్రంలోగా చూసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మావయ్య