డోలక్‌లో ఎడమచేతి పని

మా విజయనగరం వైపు పెళ్లిపాటలకి డోలక్ వాయిస్తున్నాను. ఎంత గట్టిగా కొట్టినా ఊపు రావట్లేదు, ఎందుకు?

ఎడమచెయ్యి ఆగాల్సిన చోట ఆగకపోవడం వల్ల.

పెళ్లిపాటల్లో చాలావాటికి కహర్వా తాళం సరిపోతుంది. 8 మాత్రలు, అంటే సమానమైన 8 లెక్కలు: ధా గే నా తి, నా క ధి నా. 'నా' కుడివైపు చిన్న మూత అంచున చూపుడువేలి దెబ్బ, మోగాలి. 'తి' అదే మూత మధ్యలో వేళ్లు ఆనించి కొట్టేది, మోగకూడదు. 'గే' ఎడమవైపు పెద్ద మూత మీద వేళ్లతో కొట్టి వెంటనే చెయ్యి తీసేసే గుమ్మనే దెబ్బ. 'క'కి అక్కడే అరచెయ్యి ఆనించి ఉంచాలి. 'ధా', 'ధి'లలో రెండు చేతులూ ఒకేసారి పడతాయి.

ఇప్పుడు 1, 5 మాత్రల దగ్గర చప్పట్లు వేయించండి. మొదటి చప్పట్లో గుమ్మనే మోత ఉంటుంది, రెండోదానిలో ఉండదు. 3 నుంచి 6 వరకు ఎడమ మూత మోగదు, 7వ మాత్ర 'ధి'తో తిరిగొస్తుంది. ఆ ఖాళీ వల్లే పాట ఊగుతుంది.

వేగం పెంచితే ఊపొస్తుందని చాలామంది అనుకుంటారు. ఎడమ మూత ఆపకుండా మోగుతుంటే వేగంతో రొదే పెరుగుతుంది.