రేపు పరీక్ష అంటే ఇవాళ్టికే గేటు దాకా పోయి రావాలె

శ్రావణీ,

గ్రూప్-2 హాల్‌టికెట్ ఫొటో పంపినవ్ కదా, రెండు సార్లు జూమ్ చేసి చూసిన. అడ్రస్ చివర్ల సికింద్రాబాద్ 500100 అని ఉంది కాబట్టి, "స్టేషన్ దగ్గర్నే అయితది మామా, అశోక్ నగర్ నుంచి అరగంట" అని రాసినవ్. కాదు బిడ్డా. దానికి ముందున్న రెండు మాటలు చూడు, మైసమ్మగూడ, దూలపల్లి. అది కొంపల్లి దాటినంక ఉంటది. సికింద్రాబాద్ అనేది పోస్టల్ అడ్రస్ వరకే. నువ్వు సికింద్రాబాద్ పోయి, బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి మీదుగా మేడ్చల్ రోడ్డు పట్టుకుని, అక్కడ్నించి ఎడమ పక్కకి లోపలికి పోవాలె. మీ హాస్టల్ నుంచి ఇరవై కిలోమీటర్లు పైనే పడ్తది. అడ్రస్ ఎప్పుడైనా ఊరి పేరు నుంచి కాదు, చిన్న పేరు నుంచి చదువు. వీధి, గ్రామం, మండలం, ఆ తర్వాతే ఊరు.

ఇంకో తిప్పలు ఏందంటే ఆ ఏరియాల ఒకే గ్రూపు పేరుతోని చాలా కాలేజీలు పక్కపక్కనే ఉంటయి, మొదటి రెండు మాటలు అన్నిటికీ ఒకటే, చివర్ల మాత్రం ఇంజినీరింగ్ అనో, ఇన్‌స్టిట్యూట్ అనో, ఫర్ ఉమెన్ అనో మారుతది. మ్యాప్స్‌ల పేరు సగం కొట్టంగనే మొదట వచ్చింది నొక్కేస్తం, అక్కడే దెబ్బ తింటం. హాల్‌టికెట్ మీద పేరు చివరి మాట దాకా కొట్టి, పిన్ నొక్కి కింద ఫొటోలు చూడు, గేటు బోర్డు మీద అదే పేరు అక్షరం తేడా లేకుండ ఉండాలె. సెంటర్ కోడ్ కూడా ఒక కాగితం మీద రాసుకో, ఎందుకంటే పెద్ద కాలేజీల ఒకే క్యాంపస్‌ల రెండు సెంటర్లు పడ్తయి, పేరు ఒకటే, బ్లాకులు వేరు.

ఇంత ఎందుకు చెప్తున్ననంటే నేను ఇన్విజిలేటర్ డ్యూటీ చేసినప్పుడు ఒక పిల్లగాణ్ణి చూసిన. పరీక్ష 10కి, గేటు 9:30కి మూస్తరు. వాడు 9:20కే వచ్చిండు, కానీ మ్యాప్ వాణ్ణి వెనక గేటుకి తెచ్చింది. దానికి గొలుసు, తాళం. ఊచల నుంచి చూస్తే పరీక్ష బ్లాకు కనపడ్తనే ఉంది. వాచ్‌మన్ "ముందట్కి పో బాబూ" అని చెయ్యి చూపిస్తే ప్రహరీ చుట్టూ ఉరికిండు, పొలం గట్టు మీద, చెప్పులు చేతుల పట్టుకొని. వచ్చేసరికి 9:33 అయ్యింది. ఎంత బతిలాడినా తియ్యలే, నేను వరండాల నిలబడి చూసుడు తప్ప ఏం చెయ్యలేకపోయిన.

నీ పరీక్ష ఆదివారం కదా, అందుకే శనివారం పోయి రా. ఊరికే కాదు, పొద్దున 7:30కి బయల్దేరు, అసలు రోజు ఎట్ల పోవాలనుకున్నవో అట్లనే, బస్సైతే బస్సు. కొంపల్లి దగ్గర దిగినంక లోపలికి షేర్ ఆటో దొరుకుతదా, ఎంతసేపు ఆగాలె, ఎంత తీసుకుంటడు చూసుకో. ఆదివారం పొద్దున బస్సులు తక్కువ ఉంటయి, కాబట్టి శనివారం పట్టిన టైంకి ఇంకో 45 నిమిషాలు కలుపుకో. రెండో రోజు పేపర్ సోమవారం, ఆఫీసుల టైం, సుచిత్ర దగ్గర బండ్లు ఆగిపోతయి, ఆ రోజు ఇంకా ముందు బయల్దేరాలె.

గేటు దగ్గరికి పోయినంక వాచ్‌మన్‌ని ఒక్క మాట అడుగు, "అన్నా, రేపు పరీక్షకి ఏ గేటు తీస్తరు?" అని. కాలేజీ రోజు వాడే గేటు, పరీక్షకి తీసే గేటు ఒకటే అని అనుకోకు. లోపలికి పంపకపోయినా ఫరవాలేదు, గేటు నుంచి బ్లాకు ఎంత దూరమో బయట్నించే చూడొచ్చు, కొన్ని క్యాంపస్‌లల్ల లోపలే పది నిమిషాల నడక ఉంటది. సాయంత్రం దాకా ఆగేవాళ్ళకి ఒక్కోసారి సెంటర్ నంబర్ బోర్డు కూడా కనపడ్తది, కానీ దానికోసం ఆగకు.

ఆ గేటు ముందు నిలబడే మ్యాప్‌ల వేలు నొక్కిపెట్టి పిన్ వేసి సేవ్ చేసుకో. మీ తమ్మునికి, నాకు కూడా పంపు. ఆదివారం ఆటో ఆయనకి కాలేజీ పేరు చెప్పకు, ఆ పిన్ చూపియ్యి.

ఇంకొకటి, ఫోన్ లోపలికి రానియ్యరు. గేటు ఎదురుంగ జిరాక్స్ షాపో, టీ కొట్టో ఉంటే, బ్యాగులు, ఫోన్లు పెట్టుకుంటరా, ఆదివారం షాపు తీస్తరా అడిగి పెట్టుకో. పొద్దున పేపర్‌కి, మధ్యాహ్నం పేపర్‌కి మధ్య రెండున్నర గంటలు ఉంటది, కూర్చుని తినడానికి నీడ ఎక్కడుందో కూడా చూడు. ఆ రోజు అన్నం డబ్బా తీస్కపో, అక్కడ హోటళ్ళ మీద ఆశ పెట్టుకోకు.

శనివారం గేటు దగ్గర్నించి ఒక ఫొటో కొట్టి పంపు, బోర్డు మీద పేరు నేను కూడా హాల్‌టికెట్‌తోని సరిచూస్త.

మీ మామ